నోరు కదిలినంత సేపు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, స్టూడియోల వీధిలో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపించరు. "రెండులైన్ల పిన్ని" అంటే మాత్రం టీ కొట్టువాడు కూడా గరిటె తిప్పడం ఆపకుండానే "మేడ మీద, లిఫ్టు పనిచెయ్యదు, మెట్లెక్కండి" అంటాడు. సినిమాల్లో మనుషులు తెలుగులో మాట్లాడుతుంటే కింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయి చూశారూ, అవి రాయడం పిన్ని పని. పడేవి రెండే లైన్లు. ఒక్కో లైనుకి, మధ్య ఖాళీలతో కలిపి, నలభైరెండు అక్షరాలు. మనిషి గుక్క తిప్పుకోకుండా రామాయణమంతా చెప్పినా సరే, చూసేవాడు చదివేలోపు ఆ రెండు లైన్లలోనే సర్దాలి. ఆ సర్దడంలో పిన్నిని మించినవాళ్ళు ఆ వీధిలో లేరని అందరూ అంటారు. పిన్ని కూడా అంటుంది, దాపరికమేముంది.

ఇంట్లోనూ అదే ధోరణి. అత్తగారు బతికున్న రోజుల్లో తోటికోడలి మీద గంటసేపు చెప్పిందంతా విని, "అంటే, చీర బాగోలేదు, పిలుపు ఇంకా బాగోలేదు. అంతేగా అత్తయ్యా?" అనేది. అత్తగారు నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయేది. భర్తకి బస్సు డిపోలో గుమాస్తా ఉద్యోగం. నెమ్మదస్తుడు, మాటలు వెతుక్కుంటూ మాట్లాడే మనిషి. "ఇవాళ డిపోలో ఏమైందంటేనోయ్, ఆ మేనేజరు..." అని మొదలుపెట్టేసరికి, "తిట్టాడు, మీరు ఊరుకున్నారు, ఇప్పుడు కడుపుమంట, అన్నం పెట్టనా?" అనేది. ఆయన కాసేపు ఆలోచించి, "అంతే అనుకో" అనేవాడు. పాపం, అంతే కాదేమోనని ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు.

పిన్ని చెయ్యి అలా తిరగడానికి కారణం లేకపోలేదు. మనుషులు మాట్లాడేటప్పుడు పుస్తకంలో రాసినట్టు మాట్లాడరు. సగంలో ఆపుతారు. అన్నదే మళ్ళీ అంటారు. "అదీ", "మరీ", "ఏంటంటే" అని నాలుగు మెట్లెక్కి మూడు దిగుతారు. ఆ చెత్తంతా ఊడ్చేసి అసలు మాట మాత్రమే వేయాలని ఈ పనిలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. చదివేవాడికి సగం మాటలు ఇస్తే వాడు అక్షరాల్లో తప్పిపోతాడు, ముఖం చూడటం మానేస్తాడు. పైగా తెలుగులో క్రియ చివర్న వస్తుంది, ఇంగ్లీషులో ముందే కావాలి. మనవాడు క్రియ దాకా రాకుండా ఆగిపోతే, ఏ క్రియ వాడి నోట్లో ఉండిపోయిందో పిన్నే ఊహించి పెట్టాలి. ఊహించేది. పాతికేళ్ళుగా ఊరందరి సగం మాటలూ పూర్తి చేసిన మనిషి ఆవిడ.

ఆ రంగుల మిల్లు డాక్యుమెంటరీ పిన్ని దగ్గరికి అలాగే వచ్చింది. మూతపడిన అద్దకం మిల్లు, అందులో పనిచేసి ముసలివాళ్ళయిన కార్మికుల కబుర్లు. తీసినవాడు పట్నంలో చదువుకున్న దర్శకుడు, మంచివాడే, గడ్డం ఒకటే కాస్త ఎక్కువ. ముందు ఖర్చెందుకని మాటల్ని కంప్యూటరుకే వినిపించి రాయించాడట. ముసలాళ్ళది గట్టి యాస. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోందని ఒకాయన "పెయ్యి సలసల కాలుతుండె" అంటే, కంప్యూటరు దూడ తగలబడిపోతోందని ఇంగ్లీషులోకి మార్చి పెట్టింది. అది చూసి పిన్ని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "దూడని కాల్చేశారటర్రా!" అని మెట్ల కింద టీ కొట్టుదాకా వినబడేలా చెప్పింది. తల్లి వైపు వాళ్ళందరూ ఆ యాసే కాబట్టి ఆవిడకి అది చనుబాలతో వచ్చింది. దర్శకుడు చేతులు జోడించి, "పిన్నీ, ఇక మీరే దిక్కు" అన్నాడు.

ఆ "పెయ్యి" అన్న పెద్దాయనే సినిమాకి ప్రాణం. రంగు తొట్ల దగ్గర బతుకంతా గడిపాడు, గోళ్ళలో నీలం ఎప్పటికీ పోలేదు. అందరూ నీలం తాత అనేవారు. సినిమా మధ్యలో ఆయన ఒక్కడే గోడకి ఆనుకుని కూర్చుని తన కూతురి సంగతి చెబుతాడు. గొంతు చిన్నది, మాట కిందకి వాలిపోతూ ఉంటుంది.

"గా దినం పొల్లకు జెరం. పెయ్యి సలసల కాలుతుండె. మా ఇంటామె దవాఖానకు పోదాం పా అన్నది. నాకు రాత్రి డ్యూటీ. నాగా పెడితే ఆ మేస్త్రీ... ఇగ నేను, తెల్లారనియ్యి, ఏంగాదు అన్న. జెరం పోయింది. చెవులు పోయినయ్ పొల్లకు."

పిన్ని దాన్ని నాలుగు ముక్కలు చేసింది. పాపకి జ్వరం. నాకు రాత్రి షిఫ్టు. తెల్లారనీ అన్నాను. జ్వరం పోయింది, దానితోపాటే వినికిడీ పోయింది. ఆ చివరి ముక్క ఇంగ్లీషులో ఎంత బాగా కుదిరిందంటే, రాసి కుర్చీలో వెనక్కి వాలి తనే రెండుసార్లు చదువుకుంది.

దాని తర్వాత తాత ఆగలేదు. ఇంకా ఏదో గొణిగాడు. సగం మాట, ఒక ఊపిరి, ఇంకో సగం మాట. పిన్ని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నది, రాద్దామనే అనుకుంది. దర్శకుడు భుజం మీదుగా వంగి, "అక్కడ ఏమీ వద్దు పిన్నీ. ఆ ముఖం మీద అక్షరాలు పడకూడదు. ముఖమే చెబుతుంది" అన్నాడు. పిన్నికీ నిజమే అనిపించింది. ఒక్కటీ పూర్తి వాక్యం కాదు, ఊడ్చేయాల్సిన సరుకే. ఊడ్చేసింది. తెర మీద తాత ముఖం ఖాళీగా, పెద్దగా నిలబడి, అక్కడినుంచి మూసిన మిల్లు గేటు మీదికి పోతుంది. అక్షరాలు బొమ్మలోనే అచ్చుపోసి సినిమాని దేశాల మీదికి పంపించారు. చూసినవాళ్ళు ఆ చోట నిట్టూర్చారని, మిల్లు మనుషుల బతుకుని ఎలా మింగేసిందో ఆ ఒక్క ముఖంలో కనబడిందని పేపర్లో రాశారు. తాత మాత్రం చూడలేదు. సినిమా పూర్తికాకముందే పోయాడు.

సినిమాని ఈ ఊళ్ళో కూడా ఒక చిన్న హాల్లో వేశారు. వేసిన వారానికి, ఒక మధ్యాహ్నం, పిన్ని గదిలోకి ఒక ఆడమనిషి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నూలు చీర, భుజానికి సంచీ, చూపుడు వేలికి సిరా మరక. పిన్ని "ఎవరు కావాలమ్మా?" అంది. ఆవిడ చెవి మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపింది. సంచీలోంచి సినిమా టికెట్టు తీసి బల్ల మీద పెట్టింది. ఆపైన తన గోళ్ళు చూపించి, గోడ మీద అంటించి ఉన్న సినిమా బొమ్మలో తాత గోళ్ళు చూపించింది.

నీలం తాత కూతురు! ఆ పొల్ల ఎక్కడో ఉంటుందని, పెద్దదవుతుందని, బస్సెక్కి సినిమాకి వస్తుందని పిన్నికి ఒక్కనాడూ తట్టలేదు. రాసేటప్పుడు ఆ పిల్ల పిన్నికి ఒక మంచి వాక్యం, అంతే.

కుర్చీ వేసింది. కంప్యూటరులో ఖాళీ పేజీ తెరిచి కీబోర్డు ఆమె ముందుకి జరిపింది. ఆమె చెవిటి పిల్లల బడిలో ఇంగ్లీషు చదువుకుంది. తెలుగు అక్షరాలు బస్సు బోర్డుల వరకే. ప్రెస్సులో పుస్తకాలకి పేజీలు పేర్చే పని చేస్తుంది, అందుకని చేతి వేళ్ళు పిన్ని వేళ్ళకంటే చురుగ్గా నడిచాయి. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు టైపు చేసుకుంటూ మాట్లాడుకున్నారు.

"నేను పుట్టుకతోనే ఇలా అని చెప్పారు మా ఇంట్లో. అమ్మ కూడా అదే చెప్పింది. నాన్న సంగతి సినిమాలో చదివాకే తెలిసింది, రెండొందలమంది మధ్య కూర్చుని."

పిన్ని కీబోర్డు అందుకుంది. సారీ అని కొట్టింది. ఇంగ్లీషులో ఆ మాట ఎంత చిన్నదో అప్పుడే కంటపడింది. మళ్ళీ చెరిపేసింది.

"మీరేం చేశారు దానికి" అని టైపు చేసింది కూతురు. "ఆయన అన్నదే కదా రాశారు. నేను దానికి రాలేదు. నాకు ఒకటి చెప్పండి. జ్వరం పోయింది, వినికిడి పోయింది అన్న తర్వాత మా నాన్న నోరు కదులుతూనే ఉంది. చాలా సేపు కదిలింది. కింద ఏమీ రాలేదు. అక్కడ ఏమన్నారు?"

ఏం చెప్పమంటారు! హాల్లో ఎంతమంది చూశారో, పేపర్లవాళ్ళు ఎన్ని రాశారో, ఆ ముఖం చూసి ఎందరు కళ్ళు తుడుచుకున్నారో. నోరు కదులుతోందనీ, కింద మాట లేదనీ ఒక్కళ్ళు అడిగిన పాపాన పోలేదు. మిగతావాళ్ళకి కనీసం గొణుగుడైనా చెవిన పడింది. అర్థం కాకపోయినా మనిషి ఏదో బాధపడుతున్నాడని తెలిసింది. ఈమెకి మాత్రం ఆయన చేసిన తప్పు రెండు లైన్లలో శుభ్రంగా అందింది. ఆ తర్వాతదంతా మూగ బొమ్మ.

"ఇంట్లో నాతో ఎప్పుడూ మాట్లాడలేదు" అని టైపు చేస్తోంది ఆమె. "సైగలు నేర్చుకోలేదు. అమ్మ నేర్చుకుంది, ఆయన నేర్చుకోలేదు. అన్నం తింటున్నప్పుడు నేను ఎదురుగా కూర్చుంటే ఆయన పక్కకి తిరిగి కూర్చునేవారు. చెవిటిదాన్నని సిగ్గు అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, తనే చేసి కూడా సిగ్గుపడ్డారని. అలా అనుకునే ఆయన్ని మర్చిపోవాలా, ఇంకేమైనా ఉందా, అది తెలుసుకుని వెళ్ళిపోతాను."

పిన్ని ఫోను తీసి దర్శకుడికి కొట్టింది. సంగతి చెప్పింది.

"అయ్యో పిన్నీ... ఆవిడ ఉందని నాకు తెలుసు, తాతే వద్దన్నాడు, కూతురిని కలవద్దన్నాడు. మరి ఇప్పుడు..."

"ఇప్పుడు ఆ ముక్కలు వేద్దాం. ఖాళీగా వదిలిన చోట."

"బొమ్మలో అచ్చయిపోయింది కదా పిన్నీ. కాపీలన్నీ వెళ్ళిపోయాయి. మళ్ళీ చేయాలంటే... అదీగాక అక్కడ అక్షరాలు పడితే ఆ షాటు పోతుంది. మీరూ ఒప్పుకున్నారుగా."

"ఒప్పుకున్నాను నాయనా, కాదనను. షాటు బాగుంది. దాని ముందు కూర్చున్న మనిషి బాగోలేదు" అని పిన్ని ఫోను పెట్టేసింది.

పిన్ని కంప్యూటరులో సినిమా పని కాపీ ఇంకా ఉంది, అక్షరాలు అచ్చుపోయనిది. లోకానికి కాకపోతే పీడాపాయె, ఈ ఒక్క మనిషికి వేస్తాను అనుకుంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కూతురు పక్క కుర్చీలో తెరకి దగ్గరగా జరిగి కూర్చుంది. తాత ముఖం వచ్చింది.

అప్పుడు ఊడ్చేసిన సరుకంతా ఉన్నచోటే ఉంది.

"తెల్లారనియ్యి అనకుంటినా..." అన్నాడు తాత. ఆగాడు. "గది... నా కడుపుల..." మళ్ళీ ఆగాడు. గోళ్ళతో గోడ సున్నం గీకాడు. "అది గిట్ల నా మొకం దిక్కు జూస్తది. జూస్తది, నా నోటి దిక్కే... ఏమన్న అంటనేమో అని..." గొంతు పూర్తిగా కిందికి పోయింది. "గందుకే నేను... దాని దిక్కు..."

అంతే. నోరు మూతపడింది. తర్వాత మిల్లు గేటు.

పిన్ని హెడ్‌ఫోన్లు తీసేసి మొహం కొంగుతో తుడుచుకుంది. కూతురు చూస్తూనే ఉంది, అడగలేదు. పిన్ని ఒక్కో ముక్కకీ, బొమ్మ కింద అక్షరాలు పడే డబ్బా ఒకటి తెరిచింది. పెదవి కదలడం మొదలైన చోట అక్షరాలు వచ్చేలా, ఆగిన చోట పోయేలా సరిచేసింది. ఈసారి ఏదీ ఊడ్చలేదు, దేనికీ తోక అంటించలేదు. ఆగినచోటల్లా మూడు చుక్కలు పెట్టింది. తెల్లారనీ అని అనకపోయి ఉంటే... అది... నా కడుపులో... అది ఇలా నా ముఖం వైపు చూస్తుంది. చూస్తుంది, నా నోటివైపే... ఏమైనా అంటానేమో అని... రెండు లైన్లు నిండలేదు ఎక్కడా. ఒక్కో చోట నాలుగు మాటలే. పాతికేళ్ళలో అంత కుంటి ఇంగ్లీషు పిన్ని ఎప్పుడూ రాయలేదు.

చివరి ముక్క దగ్గర చెయ్యి ఆగింది. అందుకే నేను, దానివైపు... క్రియ తాత నోట్లోనే ఉండిపోయింది. ఇంగ్లీషు ఏదో ఒకటి పెట్టమంటోంది. పెట్టకుండా "అందుకే దానివైపు నేను" అని ఎత్తి, చుక్కలు పెట్టి వదిలేసింది.

సినిమా నడిపించింది. కూతురు ముందుకి వంగింది. తండ్రి పెదవులు కదలడం, కింద అక్షరాలు రావడం, ఆగడం, పోవడం. ఒక్కసారి చూసింది. మళ్ళీ పెట్టమని చేత్తో చెప్పింది. మళ్ళీ చూసింది. నా నోటివైపే చూస్తుంది అన్నచోట ఆమె చెయ్యి తన నోటిమీదికి పోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆమె తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఒక లైను తప్పిపోతుందేమోనన్నట్టు అలాగే చూసింది.

తర్వాత కీబోర్డు లాక్కుంది. "చివర్న చుక్కలున్నాయి. చుక్కల తర్వాత?"

"అక్కడ ఆపేశారమ్మా" అని కొట్టింది పిన్ని.

"ఏం చెప్పబోయారు?"

"తెలీదు."

"మీకు తెలుసు. మీకు ఆ భాష తెలుసు, ఆ యాస తెలుసు. కింద టీ కొట్టతను ఫోనులో ఇంగ్లీషులోకి మార్చి చూపించాడు, ఎవరు ఎక్కడ ఆపినా మీరు పూర్తి చేస్తారట. నాకు ఇది పూర్తి చెయ్యండి. దానివైపు చూడలేకపోయానా, చూడబుద్ధి కాలేదా, చూడదలుచుకోలేదా? ఈ మూడూ ఒకటి కాదు. నలభై ఏళ్ళు నేను ఆయన చెంప చూసుకుంటూ అన్నం తిన్నాను. ఏదో ఒకటి రాయండి."

పిన్ని ఆమె ముఖం చూసింది. ఎవరైనా ఏం చేస్తారండీ! చూడలేకపోయాడనే కదా ఆవిడకీ అనిపించింది. నూటికి తొంభైపాళ్ళు అదే అయి ఉంటుంది. ఆ గొంతు విన్నవాళ్ళెవరైనా అదే అంటారు. ఒక్క మాట రాస్తే ఒక మనిషి గుండెలో ముల్లు ఊడుతుందంటే, చచ్చి ఏ లోకాన ఉన్నాడో ఆ తాత వచ్చి కాదంటాడా? పోనీ, ఇన్నాళ్ళూ ఎందరెందరి నోళ్ళలోనో ఏవేవో మాటలు పెట్టింది, ఒక్క పుణ్యానికి పెట్టకూడదా?

చుక్కల పక్కన ఒక డబ్బా తెరిచింది. దానివైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. చక్కటి లైను. ముప్ఫై అక్షరాల్లోపే కుదిరింది. రాసేసింది. మళ్ళీ నడిపించింది.

తాత ముఖం. తెల్లారనీ అని అనకపోయి ఉంటే... పెదవులు కదిలాయి. నా నోటివైపే... కదిలాయి. అందుకే దానివైపు నేను... కదిలాయి, మూతపడ్డాయి. అప్పుడు కింద పిన్ని లైను వచ్చింది.

కూతురు చెయ్యి చాచి మీట నొక్కి బొమ్మని ఆపేసింది. చాలాసేపు చూసింది, అక్షరాలని కాదు, నోటిని. పిన్నికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

కూతురు టైపు చేసింది. "ఈ మాటలు వచ్చేటప్పుడు మా నాన్న నోరు మూసుకుని ఉంది. ఇవి మీ మాటలు."

"అవునమ్మా."

"మంచి మాటలే."

"ఏదో, నీకు కాస్త..."

పిన్ని వాక్యం పూర్తిచెయ్యలేకపోయింది, కీబోర్డు మీదే మూడు చుక్కల దగ్గర ఆగిపోయింది. కూతురు ఆ చుక్కలు చూసి, ఆ రోజుకి మొదటిసారి కాస్త నవ్వినట్టు చేసింది. తనే మౌసుని జరుపుకుంటూ పోయి పిన్ని రాసిన లైను పట్టుకుని చెరిపేసింది. ప్రెస్సులో పని కదా, ఏది ఎక్కడ పట్టుకుని చెరపాలో చెప్పక్కర్లేకపోయింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఈసారి చుక్కల తర్వాత ఏమీ రాలేదు. నోరు మూతపడ్డ ముఖం అలా నిలబడి, గేటు మీదికి పోయింది.

ఆ ముక్కని ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి ఇమ్మంది. ఎక్కుతున్నంత సేపూ ఇద్దరూ తెర మీద నిండుతున్న గీతని చూస్తూ కూర్చున్నారు. పిన్నికి ఏమైనా అనాలని ఉంది, ఏది అన్నా మళ్ళీ తోక అంటించినట్టే అవుతుందని భయం. కిందనుంచి టీ కొట్టు గ్లాసుల చప్పుడు వస్తోంది. ఒక్కరికే వినబడుతోంది.

ఆమె లేచి సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, నిలబడే కీబోర్డు మీద వంగి నాలుగు మాటలు కొట్టింది. పిన్ని చదివేలోపే మెట్లు దిగిపోయింది.

"మా నాన్న మాట మధ్యలో ఆపడం నేను చూడటం ఇదే మొదటిసారి. ఇంట్లో మొదలుపెట్టడం కూడా చూడలేదు."

పిన్ని ఆ రెండు లైన్లు చదివింది. ఎక్కడా కత్తిరించడానికి లేదు. కుర్చీలో కూలబడి, ఎవరైనా వింటారేమోనన్న ఇది కూడా లేకుండా బావురుమని ఏడ్చింది.